హోదా పేరునే హెడ్‌లైన్‌గా మోస్తున్న ఇంజినీర్లకు

సర్వీస్ కంపెనీల్లో సీనియర్ అసోసియేట్లుగా, సిస్టమ్స్ ఇంజినీర్లుగా, అసోసియేట్ కన్సల్టెంట్లుగా పనిచేస్తున్న తెలుగు ఇంజినీర్లకు,

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలకు మనుషుల్ని వెతికిపెట్టే పనిలో నేను పద్నాలుగేళ్లుగా ఉన్నాను. రోజూ మీ పేర్లు చూస్తాను, వాటి కింద మీరు పెట్టుకున్న ఒక్క లైను చదువుతాను. ఆ లైను గురించే ఈ ఉత్తరం.

నా స్క్రీన్ మీద మీరు ఎలా కనిపిస్తారో ముందు చెప్తాను. నాకు కావలసిన పదాలు కొట్టి వెతికితే ఒక జాబితా వస్తుంది. ఒక్కొక్కరికి ఒక చిన్న ఫోటో, పేరు, దాని కింద హెడ్‌లైన్, ఊరు, ఆ కింద ఇప్పటి ఉద్యోగం, పాత ఉద్యోగం. ఆ పేజీని పై నుంచి కిందికి చూసుకుంటూ పోతాను. ఒక్కో మనిషి దగ్గర నేను ఆగేది కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లలో నాకు తెలియాల్సింది ఒక్కటే: ఈ మనిషి రోజూ కూర్చుని చేసే పని ఏమిటి? మీ లైనులో నాకు దొరికేది ఇది.

```
Senior Systems Engineer at <company>
```

ఒకే పేజీలో ఇలాంటివి పది కనిపించిన రోజులున్నాయి. ఆ పదిమందిలో ఒకరు బ్యాంకు బ్యాచ్ జాబ్‌లు చూస్తుంటారు, ఒకరు నెట్‌వర్క్ చూస్తుంటారు, ఇంకొకరు టెస్టింగ్ చేస్తుంటారు. నాకు మాత్రం పదిమందీ ఒక్కరే.

ఈ లైను మీలో చాలామంది రాసుకున్నది కాదని నాకు తెలుసు. ప్రొఫైల్ తెరిచిన రోజు ఉద్యోగం పేరు, కంపెనీ పేరు అడిగితే ఇచ్చారు. ఆ రెండింటినీ అతికించి లింక్డ్‌ఇన్ తనంతట తనే హెడ్‌లైన్ తయారుచేసి పెట్టింది. దాన్ని మార్చుకోవచ్చనీ, 220 అక్షరాల దాకా మన ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చనీ ఎవరూ చెప్పలేదు. చెప్పినా, ఆఫర్ లెటర్‌లో ఉన్నదే రాయాలి కదా అనుకున్నారు.

ఇక్కడ ఒక్క విషయం విడదీసి చూడాలి. 'సీనియర్ సిస్టమ్స్ ఇంజినీర్' అన్నది పని పేరు కాదు, మెట్టు పేరు. మీ కంపెనీ జీతాల బ్యాండు నిర్ణయించుకోవడానికి, అప్రైజల్‌లో ఎవరిని ఎక్కడికి ఎక్కించాలో లెక్క చూసుకోవడానికి, క్లయింటుకు మీ గంటను ఎంతకు బిల్లు చేయాలో తేల్చుకోవడానికి ఆ పేరు పెట్టుకుంది. గేటు లోపల ఆ పేరుకు విలువ ఉంది. గేటు దాటితే అర్థమే మారిపోతుంది. ఒకచోట అసోసియేట్ అంటే నిన్న చేరిన కుర్రాడు, ఇంకోచోట నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాడు. పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో వైస్ ప్రెసిడెంట్ హోదాలో ఉండి రోజంతా కోడ్ రాసేవాళ్లున్నారు. హోదా చూసి పనిని ఊహించడం ఈ వృత్తిలో ఉన్న నాకే చేతకాదు.

మా అక్క కూతురి సంగతి చెప్తాను. తన అనుమతితోనే రాస్తున్నాను. ఖమ్మంలో చదువుకుంది, గచ్చిబౌలిలో ఆరేళ్లుగా ఉద్యోగం. పోయిన దసరాకి ఇంటికొచ్చినప్పుడు, "నాకు ఒక్క మంచి కాల్ కూడా రావట్లేదు మావయ్యా, వచ్చేవన్నీ వేరే వాళ్లకి రావలసినవే" అంది. ఫోన్ తీసుకుని చూశాను. జావా డెవలపర్ ఉద్యోగం ఉంది చేస్తారా అని ఒకరు, నైట్ షిఫ్ట్ సపోర్ట్‌కి వాక్‌ఇన్ ఉంది రండి అని ఇంకొకరు. పేరు కింద పైన చూపించిన లైనే ఉంది.

"నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగాను.

"టెస్టింగ్."

"దేన్ని టెస్ట్ చేస్తావు?"

"ఇన్సూరెన్స్ ప్రాజెక్ట్ మావయ్యా, అమెరికా క్లయింటు."

"ఇన్సూరెన్స్‌లో ఏది? పాలసీ అమ్మేదా, ప్రీమియం కట్టించుకునేదా, క్లెయిము ఇచ్చేదా?"

"క్లెయిములే. కారుకి యాక్సిడెంట్ అయిందని ఫోన్ వస్తుంది కదా, అక్కణ్నించి డబ్బు వెళ్లేదాకా."

"అది ఏ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది?"

"గైడ్‌వైర్ క్లెయిమ్‌సెంటర్."

నేను ఫోన్ పక్కన పెట్టేశాను. గైడ్‌వైర్ అనేది వాహన, గృహ బీమా కంపెనీలు వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. అందులో క్లెయిముల భాగం పేరు క్లెయిమ్‌సెంటర్. అది తెలిసిన టెస్టర్ కావాలని మా దగ్గరికి వచ్చే క్లయింట్లు ఉన్నారు. అలాంటివాళ్ల కోసం నేనే వెతికాను, ఇదిగో ఇలా:

```
"ClaimCenter" AND (Selenium OR "test automation")
```

ఈ వెతుకులాటలో నా మేనకోడలు నాకు దొరకలేదు. నా ఇంట్లో మనిషి, నేను వెతికే పనిలో ఆరేళ్లుగా ఉంది, నాకు దొరకలేదు. ఎందుకంటే క్లెయిమ్‌సెంటర్ అనే పదం తన ప్రొఫైల్‌లో ఎక్కడా లేదు. అనుభవం రాసే చోట 'ప్రముఖ అమెరికన్ బీమా సంస్థ ప్రాజెక్టులో పనిచేశాను' అని మాత్రం ఉంది. కీవర్డ్ వెతుకులాట హెడ్‌లైన్‌నూ, కింద ఉన్న మిగతా భాగాలనూ చూస్తుంది కానీ, మీరు రాయని పదాన్ని మీ తరఫున ఊహించి చూడదు.

ఆ రాత్రే కూర్చుని మారుద్దామన్నాను. తను మొదట రాసి చూపించింది ఇది.

```
Passionate QA Professional | Quick Learner | Team Player
```

ఇది చూసి నొచ్చుకున్నాను. తను రాసిందని కాదు, ఇలాగే రాయాలని కాలేజీ రోజుల నుంచి పిల్లలకు చెప్పి పంపుతున్నాం కాబట్టి. ప్యాషనేట్ అనే పదం కొట్టి మనిషిని వెతికే రిక్రూటర్ నాకు ఇంతవరకు తగల్లేదు. క్లయింటు నాకు పంపే కాగితంలో తప్పనిసరి అన్న చోట ఉండేవి సాఫ్ట్‌వేర్ల పేర్లు, రంగం పేరు, ఎన్నేళ్లు అన్న అంకె. త్వరగా నేర్చుకుంటారా లేదా అన్నది మేం ఇంటర్వ్యూలో చూసుకుంటాం. ఎవరికి వారు రాసుకుంటే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అది తీసేయమంటే రెండోది ఇలా వచ్చింది.

```
Selenium | Java | Postman | SQL | Jenkins | Python | AWS | Agile
```

వెతుకులాటకు ఇది దొరుకుతుంది, ఆ మేరకు మొదటిదానికన్నా నయం. కానీ దొరికాక నేను ఆగను. ఎనిమిది పేర్లు వరసగా ఉంటే అందులో రోజూ చేత్తో పట్టుకునేది ఏదో, ఒకసారి ట్రైనింగ్‌లో చూసినది ఏదో తెలియదు. అడిగాను: "పైథాన్‌లో ఏం రాశావమ్మా?" ఒక కోర్సు చేసిందట. "ఏడబ్ల్యూఎస్?" ప్రాజెక్టు దాని మీద నడుస్తుంది, తను దాన్ని ముట్టుకోదు. రెండూ కొట్టేశాం. అజైల్ కూడా కొట్టేశాం, ఎందుకంటే ఈ రోజుల్లో అది రాసుకోని వాళ్లు లేరు. ఒక పదాన్ని ఉంచాలా తీయాలా అని మీకు సందేహం వస్తే నేను పెట్టే పరీక్ష ఇదే: ఇంటర్వ్యూలో దాని మీద వరసగా పది నిమిషాలు, మీ చేతులతో చేసిన పని గురించి మాట్లాడగలరా? మాట్లాడలేకపోతే ఆ పదం హెడ్‌లైన్‌లోకి రాకూడదు. అడుగున స్కిల్స్‌లో ఉంటే ఉండనివ్వండి.

ఆ తర్వాత తను చేసే పనిని వాక్యంగా చెప్పమన్నాను. యాక్సిడెంట్ అయిందన్న మొదటి కబురు సిస్టమ్‌లో ఎక్కడం దగ్గర మొదలుపెట్టింది. బీమా వాళ్లు దాన్ని ఎఫ్‌ఎన్ఓఎల్ అంటారు. అక్కణ్నించి ఎంత డబ్బు పక్కన పెట్టాలో లెక్క తేలడం, ఆ లెక్క దాటితే పైఅధికారి ఆమోదానికి వెళ్లడం, చివరికి చెల్లింపు. ఈ దారి మొత్తాన్ని సెలీనియంతో, జావాతో ఆటోమేట్ చేసిన టీములో తను ఉంది. స్క్రీన్ వెనక నడిచే ఏపీఐలకు రెస్ట్ అష్యూర్డ్ వాడుతుంది. చెప్తున్నప్పుడు తన గొంతే మారిపోయింది. అలా పక్కన పెట్టిన రిజర్వు కన్నా చెల్లింపు ఎక్కువైనప్పుడు ఆమోదం అడక్కుండానే డబ్బు వెళ్లిపోతున్న ఒక తప్పును రిలీజ్‌కి రెండు రోజుల ముందు పట్టుకున్న సంగతి చెప్పింది. ఆరేళ్లలో ఇదంతా ఎక్కడా రాసుకోలేదు.

చివరికి నిలిచిన లైను ఇది.

```
Guidewire ClaimCenter test automation | US auto claims, FNOL to payment | Selenium, Java, REST Assured
```

ఖాళీలతో కలిపి 102 అక్షరాలు. 220 ఉన్నాయి కదా నింపుదామంది, వద్దన్నాను. మొత్తం లైను అన్నిచోట్లా కనిపించదు. మీరు ఎక్కడైనా వ్యాఖ్య రాసినా, ఎవరికైనా కనెక్షన్ కోసం అడిగినా, ఫోన్‌లో మీ పేరు కింద మొదటి కొన్ని పదాలే కనిపించి తర్వాత చుక్కలు వస్తాయి. అందుకే మొదటి గీత దాకా ఉన్న ఆ 37 అక్షరాలు విడిగా నిలబడాలి. మిగతాది తెగిపోయినా ఏ సాఫ్ట్‌వేరు, ఏ పని అన్నది అందులోనే ఉంది. రెండో ముక్క ఏ రంగమో, ఎంతవరకో చెప్తుంది. పనిముట్లు చివరికి వెళ్లాయి, ఎందుకంటే సెలీనియం తెలిసినవాళ్లు వేలమంది ఉన్నారు, అమెరికా కారు క్లెయిముల మీద వాడినవాళ్లు కొద్దిమందే. కొద్దిమందిలో మిమ్మల్ని నిలబెట్టేది ముందుండాలి. ఊరు పేరు రాయలేదు, అది ఎలాగూ విడిగా కనిపిస్తుంది.

అక్షరదోషాల గురించి ఒక మాట. నేను కోట్స్ పెట్టి వెతికితే ఆ పదం అచ్చంగా అలాగే ఉండాలి. క్లెయిమ్‌సెంటర్ అనేది కలిపి రాసే ఒకే పదం, దాన్ని విడగొట్టి రెండు పదాలుగా రాసినవాళ్లు ఆ వెతుకులాటలో రారు. మీరు వాడే ప్రతి పనిముట్టు పేరునూ దాని తయారీదారు ఎలా రాస్తాడో ఒకసారి చూసి అలాగే రాయండి.

ఇక్కడిదాకా వచ్చాక మా మేనకోడలికి భయం పట్టుకుంది. "ఆఫర్ లెటర్‌లో సీనియర్ సిస్టమ్స్ ఇంజినీర్ అని ఉంది కదా మావయ్యా, ఇది అబద్ధం అవదా?" మీలో చాలామందిని ఆపేది ఈ భయమే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. హెడ్‌లైన్ వేరు, అనుభవం భాగం వేరు. అనుభవం భాగంలో ఉద్యోగం పేరు అన్న గడి ఉంటుంది. అక్కడ మాత్రం మీ రిలీవింగ్ లెటర్‌లో ఏముంటుందో అదే ఉండాలి. రేపు కొత్త కంపెనీ తరఫున వెరిఫికేషన్ చేసేవాళ్లు మీ పాత కంపెనీ హెచ్.ఆర్.ని అడిగి సరిచూసుకునేది ఆ హోదాలూ తేదీలే. ఆ గడిలో హోదాను పెంచి రాసుకుని ఆఫర్ చేతికొచ్చాక పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. హెడ్‌లైన్ అలాంటి పత్రం కాదు. నేను ఈ పని చేస్తాను అని మీరు చెప్పే మాట అది. చేసే పని చెప్పడం అబద్ధం ఎలా అవుతుంది? చేయని పని చెప్తే అవుతుంది. అందుకే 'టెస్ట్ ఆర్కిటెక్ట్' అని పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. ఫ్రేమ్‌వర్క్ కట్టింది తన లీడ్, తను అందులో స్క్రిప్టులు రాసింది. అది తక్కువ పని కాదు, ఉన్నదున్నట్టు చెప్పుకోదగ్గ పనే.

హెడ్‌లైన్‌కి ఆధారం కింద కనిపించాలి కూడా. పైన క్లెయిమ్‌సెంటర్ అని రాసి, కిందికి వెళ్తే అనుభవంలో ఆ ఊసే లేకపోతే నాకు అనుమానం వస్తుంది. ఉద్యోగం పేరు కింద నాలుగు వాక్యాల్లో ఏ దారిని పరీక్షించారో, ఎన్నేళ్లో, టీములో మీ వంతు ఏమిటో రాయండి. క్లయింటు పేరు మాత్రం రాయకండి. చాలా కంపెనీలు చేరేటప్పుడే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటాయి. 'అమెరికా కారు బీమా' అంటే నాకు సరిపోతుంది, పేరు తెలియాల్సిన అవసరం నాకు లేదు.

ఇంకొక భయం మేనేజరు. హెడ్‌లైన్ మార్చితే వెళ్లిపోతున్నానని పసిగడతాడేమో అని. చేస్తున్న పనిని రాసుకున్నవాళ్లను వెళ్లిపోతున్నారని ఎవరూ అనుకోరు. అలా అనిపించేవి వేరే మాటలు: 'సీకింగ్ ఆపర్చ్యునిటీస్', 'ఇమ్మీడియట్ జాయినర్'. అవి రాసినప్పుడు ఇంకో నష్టం కూడా ఉంది, మీరేం చేస్తారో చెప్పాల్సిన మొదటి పదాలను అవి తినేస్తాయి. వెతుకుతున్నట్టు రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలు విడిగా ఉంది. మీ సొంత కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా చూస్తామంటుంది లింక్డ్‌ఇన్, పూర్తి హామీ మాత్రం ఇవ్వదు. అది తెలిసి వాడుకోండి.

ఒక్క మినహాయింపు చెప్పాలి. మన కంపెనీల్లో చాలాచోట్ల నోటీసు 90 రోజులు. మూడు నెలలు ఆగలేని క్లయింట్లే ఎక్కువ. మీరు నిజంగానే రాజీనామా ఇచ్చి నోటీసులో ఉంటే, ఆఖరి పనిదినం తేదీని లైను చివర పెట్టండి, అది నాకు ఎంతో పనికొచ్చే కబురు. చేరిపోయాక తీసేయండి. నాలుగు నెలల కిందట దాటిపోయిన తేదీ ఇంకా వేలాడుతుంటే, ఉద్యోగం దొరకలేదేమో అనుకుని ముందుకు వెళ్లిపోతాను. మీరు ఎక్కడో హాయిగా చేరిపోయి ఉంటారు, అది నాకు తెలియదు.

మీలో కొందరు ఉద్యోగం వదిలి సొంతంగా క్లయింట్లకు పనిచేస్తున్నారు. వాళ్లకు లైను కాస్త వేరేగా ఉండాలి. నేను పనిముట్టు పేరు కొట్టి వెతుకుతాను, క్లయింటుకు ఆ పేరు తెలియకపోవచ్చు. అతనికి తెలిసింది తన ఇబ్బంది. విజయవాడ నుంచి అమెరికాలోని చిన్న డెంటల్ క్లినిక్‌లకు పద్దులు రాసే ఒకాయన నాకు పరిచయం. 'ఫ్రీలాన్స్ అకౌంటెంట్' అని ఉన్నంతకాలం ఆయన్ని ఎవరూ పలకరించలేదు. ఇప్పుడు ఆయన లైను ఇలా ఉంది.

```
Bookkeeping for US dental clinics | QuickBooks clean-up and monthly close
```

ఎవరికి, ఏ చిక్కు విప్పుతారు అన్నది ముందుంది. నెలలు పేరుకుపోయిన పద్దులు సర్దించుకోవాల్సిన డాక్టరు 'క్లీన్‌అప్' అన్న మాట దగ్గర ఆగుతాడు. ఆయన డిగ్రీ ఏమిటన్నది ఆ తర్వాతి ప్రశ్న.

మార్చాక ఫలితం ఎలా తెలుస్తుందని అడుగుతారు. వెతుకులాటల్లో మీరు ఎన్నిసార్లు కనిపించారో లింక్డ్‌ఇన్ చూపిస్తుంది. ఆ అంకె పెరగాలనే ఆత్రం వద్దు. పదాలు గుట్టగా పోస్తే అంకె పెరుగుతుంది, కాల్స్ మాత్రం పాతవే వస్తాయి. నేనైతే వచ్చే మెసేజ్‌లు చదవమంటాను. మీ లైనులోని పదాలు అవతలివాళ్ల మొదటి వాక్యంలో ఉన్నాయా? ఉంటే వాళ్లు చదివి రాశారు. మా మేనకోడలికి తర్వాతి రెండు నెలల్లో వచ్చినవి తక్కువే, మూడంటే మూడు, కానీ మూడింటిలోనూ క్లెయిమ్‌సెంటర్ అనే పదం ఉంది. వాటిలో ఒకటి చెన్నైలో కాంట్రాక్టు, ఇల్లు వదిలి రానని చెప్పేసింది. ఒకటి జీతం దగ్గర తెగలేదు. మూడోవాళ్లు మొదటి ఫోన్‌లోనే రిజర్వుల ఆమోదం గురించి అడిగారట. ఆ ఇంటర్వ్యూ ఇంకా నడుస్తోంది. అలాగని లైను మార్చగానే అందరికీ ఫోన్లు మోగుతాయని చెప్పను. మీ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ల అవసరం లేని నెలల్లో ఎంత బాగా రాసినా ఎవరూ రారు.

ఈలోగా తనకు ప్రమోషన్ వచ్చింది. మెట్టు పేరు మారింది, పని అదే. కొత్త హోదాను అనుభవం భాగంలో చేర్చడానికి ఫారం తెరిస్తే అందులోనే కింద హెడ్‌లైన్‌కీ ఒక గడి ఉంది. చూసుకోకుండా సేవ్ నొక్కి, కొత్త హోదా పేరుతో పాత కథనే మళ్లీ మొదలుపెట్టుకునేవాళ్లు చాలామంది. తను నాకు ఫోన్ చేసి, "ఈ గడిలో ఏం పెట్టను మావయ్యా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే, "ఉండు, పని మారలేదు కదా" అని ఆ 102 అక్షరాల్నీ అలాగే ఉంచి సేవ్ నొక్కింది.

ఇట్లు,
మీ పేర్ల కింది లైన్లు రోజూ చదివే ఒక రిక్రూటర్
హైదరాబాద్